లైట్లు మీవి, కోర్టు మాది

గోదావరి డెల్టా ఊళ్లలో సంక్రాంతి కబడ్డీ పోటీలకు వసూళ్లు నవంబరు చివర్లోనే మొదలవుతాయి. క్లబ్బు కుర్రాళ్లు నలుగురు రసీదు పుస్తకం పట్టుకుని మండల కేంద్రంలో కొట్టు కొట్టూ ఎక్కుతారు. ఎరువుల కొట్టు యజమాని గల్లాపెట్టె తీసి అయిదు వందలో వెయ్యో ఇస్తాడు. రసీదు చదవకుండానే మడిచి సొరుగులో పడేస్తాడు. ఆయన లెక్కలో అది చందా. చవితి పందిరికి ఇచ్చినట్టు, మొహమాటానికి ఇచ్చేది. అదే మనిషిని పాతిక వేలు దాటిన మొత్తం అడగాలంటే రసీదు పుస్తకంతో పని జరగదు. ఒక ఉత్తరం కావాలి. అందులో ఆయనకేం వస్తుందో, మనకేం ఖర్చవుతుందో తేటగా ఉండాలి.

ఇలాంటి ఉత్తరాలు సాధారణంగా యువతలో క్రీడాస్ఫూర్తి, గ్రామీణ క్రీడల పునరుజ్జీవం అంటూ మొదలై, తోచినంత సాయం చేయమనే దగ్గర ఆగిపోతాయి. తోచినంత అంటే ఎవరికైనా తోచేది వెయ్యే. కొన్ని క్లబ్బులు సీఎస్ఆర్ నిధుల నుంచి ఇవ్వమని కూడా రాస్తుంటాయి. ఆ చట్టం వర్తించేది ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర ఆస్తో ఉన్న కంపెనీలకు. మండలంలో యూరియా బస్తాలు అమ్ముకునే మనిషికి ఆ మాట రాస్తే, రాసినవాళ్లకు తన వ్యాపారం గురించి ఏమీ తెలియదని మొదటి పేరాలోనే పట్టేస్తాడు.

ఉత్తరం ఆయన గల్లా దగ్గర కూర్చుని ఆలోచించి రాయాలి. డెల్టాలో సార్వా కోతలు అయ్యేది నవంబరు, డిసెంబరుల్లో. అప్పుపై మందులు, ఎరువులు తీసుకున్న రైతు ధాన్యం డబ్బు అందాక ఆ కొట్టు బాకీ తీరుస్తాడు. ఆ వెంటనే దాళ్వా నాట్లు పడతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మళ్లీ ఎరువు కొనాలి. అంటే సంక్రాంతి నాటికి రైతు పాత బాకీ కట్టి, కొత్త ఖాతా ఏ కొట్టులో తెరవాలా అని చూస్తుంటాడు. ఎరువుల వ్యాపారికి సరిగ్గా ఆ వారంలో చుట్టుపక్కల ఊళ్ల మగాళ్లంతా ఒకచోట చేరడం ఎంత విలువైనదో మనం చెప్పనక్కర్లేదు. ఏయే ఊళ్ల వాళ్లు వస్తారో చెబితే చాలు.

అందుకే ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది ఊళ్ల జాబితా. వేలాదిగా జనం వస్తారని రాయడం దండగ. ఆయన అంతకుముందు ఏడాది అటుగా బండి మీద వెళ్తూ చూసే ఉంటాడు. పేరు నమోదు చేసుకున్న 16 జట్లు ఏ ఊళ్లవో రాసి, వాటిలో ఎన్ని ఆయన కొట్టుకు వచ్చే ఊళ్లో గుర్తు పెట్టాలి. పదహారులో నాలుగే ఆయన పరిధిలోవైతే పెద్ద మొత్తానికి ఆయన సరైన మనిషి కాడు. అప్పుడు అడిగేది తగ్గించుకోవాలి, లేదా పక్క మండలం కొట్టుకు వెళ్లాలి.

ఇక ఖర్చు. దీనికి పునాది ఆటల లెక్క. పదహారు జట్లు, ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో మొత్తం 15 ఆటలు జరుగుతాయి. మొదటిరోజు 8, రెండోరోజు 7. పురుషుల ఆటకు రెండు సగాలు 20 నిమిషాల చొప్పున, మధ్యలో 5 నిమిషాల విరామం. జట్లు మారడానికి, కోర్టులో మట్టి సర్దడానికి కలిపితే ఆటకు గంట పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే రాత్రి పదికి గానీ మొదటిరోజు ముగియదు. జనవరిలో ఆరింటికల్లా చీకటి పడుతుంది కాబట్టి రోజుకు నాలుగు గంటలు దీపాల కిందే ఆడాలి. పదిదాటితే మంచుకు మట్టి తడిసి కాళ్లు జారతాయి, ఆటను అంతకన్నా సాగదీయలేం. ఈ నాలుగు వాక్యాలు ఉత్తరంలో ఉంటే లైట్లకు, జనరేటరుకు అంత డబ్బెందుకని ఎవరూ అడగరు.

ఒక క్లబ్బు లెక్క ఇలా ఉందనుకుందాం. ధరలు ఊరిని బట్టి మారతాయి, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే. భోజనాలకు మొదటిరోజు 16 జట్లు, జట్టుకు 14 మంది, అంటే 224. రెండోరోజు మిగిలిన 8 జట్లకు 112. అంపైర్లు, పనిచేసే కుర్రాళ్లు రెండు రోజులకూ కలిపి మరో 24. మొత్తం 360 భోజనాలు, ఒక్కోటి 100 రూపాయల చొప్పున 36,000. నగదు బహుమతులు నాలుగూ కలిపి 42,000. లైట్లు, జనరేటరు, మైకు రెండు రోజులకు 22,000. ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు కలిసి ఆరుగురికి రోజుకు వెయ్యి చొప్పున 12,000. కోర్టు దున్ని మట్టి జల్లించడం, టెంటు, ప్రథమ చికిత్స, ఫ్లెక్సీలు, సొంత జట్టు జెర్సీలు అన్నీ కలిపి 30,000. మొత్తం 1,42,000 రూపాయలు.

ఇక్కడే చాలా క్లబ్బులు తప్పటడుగు వేస్తాయి. మొత్తం రాస్తారు, చేతిలో ఉన్నది దాస్తారు. ఉన్నదంతా చెబితే ఇవ్వరేమోనని భయం. నిజానికి వ్యాపారి మొదట వెతికేది మీరెంత వేసుకున్నారన్నదే. మన క్లబ్బులో సభ్యులు 20 మంది తలా వెయ్యి వేసుకున్నారు. జట్ల ప్రవేశ రుసుము 16,000. మొదటి రెండు బహుమతులు, 32,000, ఊళ్లో రెండు కుటుంబాలు తమ పెద్దల పేరిట ఇస్తున్నాయి. రైతులు ఇస్తామన్న బియ్యం విలువ 6,000. అంటే 74,000 సమకూరింది, 68,000 తక్కువ. ఆ తక్కువంతా ఒక్కరి నెత్తిన పెట్టకూడదు. అందులోంచి విడిగా కనబడే ఒక ముక్క తీసి, అది మీదే అనాలి. ఎరువుల కొట్టుకు లైట్లు, మైకు, జెర్సీలు సరిపోతాయి. భోజనాల ఖర్చు ఇమ్మంటే పేరెక్కడ రాస్తాం?

ఉత్తరం ఇలా ఉంటుంది:

«గౌరవనీయులైన యజమాని గారికి, నమస్కారాలు.

వచ్చే సంక్రాంతి, కనుమ రోజుల్లో మా ఊరి కబడ్డీ క్లబ్బు 16 జట్లతో పోటీలు జరుపుతోంది. జట్లు వచ్చే ఊళ్ల జాబితా జత చేశాం. వాటిలో 9 ఊళ్ల రైతులు మీ దగ్గర సరుకు తీసుకుంటారని మాకు తెలుసు.

మొత్తం ఖర్చు 1,42,000 రూపాయలు. మా సభ్యులు, బహుమతి దాతలు, ప్రవేశ రుసుము, బియ్యం కలిపి 74,000 సమకూరింది. పద్దు వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. లైట్లు, మైకుకు 22,000, మా జట్టు 14 జెర్సీలకు 5,600, మొత్తం 27,600 మిమ్మల్ని అడుగుతున్నాం. మిగతాది వేరే దాతల దగ్గర ప్రయత్నిస్తున్నాం.

దీనికి మేం చేసేవి: మా జట్టు జెర్సీ వెనక, నంబరు పైన మీ కొట్టు పేరు ఉంటుంది. ఆ జెర్సీలు ఏడాది పొడవునా మేం ఆడే ప్రతి ఊరిలో వేసుకుంటాం. కోర్టు రెండు పక్కలా మీ పేరుతో ఫ్లెక్సీలు కడతాం. ప్రతి ఆట మొదట్లో, విరామంలో మైకులో చెబుతాం. ఎరువులు, పురుగుమందుల వ్యాపారంలో మరెవరి పేరూ మా పోటీల్లో ఉండదు.

మీ పేరున్న ఫ్లెక్సీ మీద ఏ పార్టీ నాయకుడి బొమ్మా వేయం. కోర్టు దగ్గర పందేలకు, గుండాటకు చోటివ్వం. దెబ్బలు తగిలితే చూసుకునే బాధ్యత క్లబ్బుదే. పోటీలు వాయిదాపడితే అదే ఏర్పాటు కొత్త తేదీకి వర్తిస్తుంది. రద్దయితే ఖర్చుకాని సొమ్ము పది రోజుల్లో తిరిగి ఇస్తాం.

డిసెంబరు 20 లోగా మీ మాట తెలిస్తే జెర్సీలు అచ్చుకు ఇస్తాం. సొమ్ము క్లబ్బు బ్యాంకు ఖాతాకు పంపవచ్చు.

ఇట్లు, కార్యదర్శి, కోశాధికారి.»

నాలుగో పేరా గురించి కొంచెం చెప్పుకోవాలి. వ్యాపారి ఎక్కువగా వెనకాడేది డబ్బుకు కాదు. ఊళ్లో రెండు వర్గాలుంటే రెండూ ఆయన ఖాతాదార్లే. తన కొట్టు పేరు పక్కన ఒక నాయకుడి నవ్వు మొహం కనబడిందంటే సగం మంది రైతులు ఆ దాళ్వాకు పక్క కొట్టుకు పోతారు. సంక్రాంతి మూడు రోజులూ చుట్టూ కోడిపందేల బరులు నడుస్తుంటాయి కనుక, కబడ్డీ పేరు మీద జూదానికి డబ్బిచ్చాడన్న మాట వస్తుందన్న భయమూ ఉంటుంది. ఈ భయాలు ఆయన మనతో అనడు. ఈసారి ఇబ్బందిగా ఉందిలే అంటాడు, అంతే. కాబట్టి ఆయన అనకముందే మనం రాయాలి. రాసినందుకు కట్టుబడటం కష్టమే. పోటీల ముందురోజు స్థానిక నాయకుడి మనిషి ఫ్లెక్సీ తీసుకుని వచ్చినప్పుడు, కార్యదర్శి దాన్ని ఊరి మొదట్లో కట్టించి కోర్టు వైపు రానివ్వకుండా చూసుకోగలగాలి.

బ్యాంకు ఖాతా ప్రస్తావన కూడా ఊరికే పెట్టింది కాదు. ఒకే మనిషికి ఒకరోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది వ్యాపార ఖర్చు కిందికి రాదు. చందా అని రాస్తే, పన్ను మినహాయింపు అనుమతి లేని క్లబ్బుకు ఇచ్చిన చందాతో ఆయనకు పన్నులో ఏమీ తగ్గదు. జెర్సీ మీద, ఫ్లెక్సీ మీద ప్రచారానికి అని క్లబ్బు బిల్లు ఇస్తే, ఖాతాకు సొమ్ము వస్తే, దాన్ని ప్రకటన ఖర్చుగా చూపడానికి ఆయన ఆడిటరుకు వీలుంటుంది. ఇందుకు క్లబ్బు పేరున ఖాతా ఉండాలి. ఖాతాకు క్లబ్బు రిజిస్టరై ఉండటం మేలు. ఏడుగురు సభ్యులుంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. కార్యదర్శి సొంత ఫోను నంబరుకు పంపమంటే సగం నమ్మకం అక్కడే పోతుంది.

ఈ ఉత్తరంలో అడగకూడనిది మ్యాట్. 2014లో ప్రో కబడ్డీ టీవీల్లోకి వచ్చినప్పటి నుంచి ప్రతి క్లబ్బుకూ మ్యాట్ మీద ఆడాలనే ఉంది. తప్పేం లేదు. కానీ 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టుకు మీటరు చదరపు ముక్కలు 130 కావాలి. అవి పెట్టుకోవడానికి వాన పడని గది కావాలి. అది ఒక కొట్టు యజమాని రెండు రోజుల ప్రచారానికి పెట్టే డబ్బుతో అయ్యే పని కాదు. రెండూ ఒకే ఉత్తరంలో కలిపితే పెద్ద అంకె చూసి చిన్నదానికి కూడా కాదంటాడు.

ఉత్తరం వాట్సాప్‌లో పంపొద్దు. పొద్దున్నే లారీ దిగుమతి జరుగుతున్నప్పుడు వెళ్లొద్దు. మధ్యాహ్నం మూడింటికి, ఆయన దగ్గర ఖాతా ఉన్న ఒక రైతును వెంటబెట్టుకుని ఇద్దరే వెళ్లాలి. ఆయన వెంటనే సరే అనకపోయినా కాగితం అక్కడ ఉంటుంది. కొట్టుకు సరుకు వేసే పురుగుమందుల కంపెనీ ప్రతినిధి వచ్చినప్పుడు దాన్ని చూపించి, జెర్సీల ఖర్చు మీరు భరించండి అని ఆయనే అడిగే వీలుంది. అలా అడిగితే జెర్సీ మీద కంపెనీ పేరు కూడా వేయమంటారు. దానికి క్లబ్బు ఒప్పుకుంటుందో లేదో ముందే మాట్లాడుకుని వెళ్లాలి.

పోటీలయ్యాక పది రోజుల్లో ఇంకో కాగితం వెళ్లాలి. రెండు జట్లు రాక 13 ఆటలే జరిగితే, 15 అని రాయకుండా 13 అనే రాయాలి. జెర్సీల, ఫ్లెక్సీల, ఆటల ఫొటోలు, బిల్లుల నకళ్లు దానికి జతచేయాలి. లైట్లవాళ్లు బేరానికి దిగి 19,000కే ఇచ్చి ఉంటే మిగిలిన 3,000 తిరిగి ఇచ్చేయమంటారా, నీలగిరి కర్రలు కొని కోర్టు చుట్టూ కంచె వేయమంటారా అని అందులోనే అడగాలి.