రెండు చీలికలు, ఒక చీలిక: పట్టీల లెక్క

థామస్ యంగ్ జంట చీలికల ప్రయోగంలో తెరపై వెలుగు, చీకటి పట్టీలు సమాన దూరాల్లో వస్తాయి. రెండు చీలికల నుంచి వచ్చే తరంగాలు కలిసినచోట వెలుగు, ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నచోట చీకటి. ఇదే వ్యతికరణం. పట్టీ వెడల్పు β = λD/d. ఇక్కడ d చీలికల మధ్య దూరం, D తెర దూరం.

తరంగదైర్ఘ్యం 600 నానోమీటర్లు, D 1.5 మీటర్లు, d 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం. అన్నిటినీ మీటర్లలోకి మారిస్తే β = (6×10⁻⁷ × 1.5)/(3×10⁻⁴) = 3×10⁻³ మీటర్లు, అంటే 3 మిల్లీమీటర్లు.

ఒకే చీలికలో వివర్తనం వల్ల నడిమి వెలుగు పట్టీ మిగతావాటికి రెట్టింపు వెడల్పు ఉంటుంది: 2λD/a. ఇక్కడ a చీలిక వెడల్పు. a 0.1 మిల్లీమీటరైతే ఆ పట్టీ 18 మిల్లీమీటర్లు. పరీక్షలో చాలామంది ఆ 2ను మరచిపోతారు, లేదా a బదులు d రాస్తారు.

నిజానికి జంట చీలికల్లో ఒక్కోదాని వెడల్పూ ఇంతే అయితే, రెండు ప్రభావాలూ కలిసే కనిపిస్తాయి. మధ్య నుంచి మూడో వెలుగు పట్టీ 9 మిల్లీమీటర్ల దగ్గర రావాలి. సరిగ్గా అక్కడే వివర్తనపు మొదటి చీకటి ఉంది కనుక అది కనిపించదు. అందుకే నడిమి వెలుగులో ఆరు కాదు, ఐదు పట్టీలే లెక్కకొస్తాయి.