ఫొటోలు పోయాయి, స్థలం మాత్రం రాలేదు

గత రమజాన్‌లో మా ఖాలా ఒకరోజు ఇఫ్తార్‌కు ముందు తన ఫోను మా చేతికిచ్చారు. ‘స్టోరేజ్ నిండిపోయింది’ అన్న హెచ్చరిక వారం రోజులుగా తెరపై వస్తూనే ఉందట. కొత్త సందేశాలు తెరుచుకోవడం లేదు, మనవరాలి వీడియో దిగడం లేదు. రెండు రాత్రులు కూర్చొని దాదాపు 1,200 ఫొటోలు తొలగించారు. అయినా హెచ్చరిక పోలేదు. చివరకు వీధి చివరి దుకాణానికి వెళితే, అక్కడి కుర్రవాడు, “వాట్సాప్‌లో ‘Clear data’ నొక్కేస్తే అంతా ఖాళీ అవుతుంది” అన్నాడు. ఎందుకో ఆమెకు చేయి ఆడలేదు.

ఆ చేయి ఆగడమే మేలయింది. రెండేళ్ల క్రితం మరణించిన ఖాలూ జిద్దా నుండి పంపిన స్వర సందేశాలు ఆ వాట్సాప్‌లోనే ఉన్నాయి. ఆ మీట నొక్కి ఉంటే సంభాషణలన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయేవి. బ్యాకప్ ఎన్నడూ చేయని ఫోను కనుక అవి తిరిగి వస్తాయన్న నమ్మకం ఉండేది కాదు.

కాబట్టి ముందుగా తెలుసుకోవలసినది ఈ రెండు మీటల మధ్య తేడా. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌కు వెళ్లి, యాప్స్‌లో ఏ యాప్‌ను తెరిచినా, దాని స్టోరేజ్ పుటలో ‘Clear cache’ అని ఒకటి, ‘Clear data’ లేదా ‘Clear storage’ అని మరొకటి కనిపిస్తాయి. క్యాష్ అంటే యాప్ తన పని వేగంగా సాగడానికి పక్కన పెట్టుకొన్న తాత్కాలిక సామగ్రి: ఒకసారి చూసిన చిత్రాలు, వీడియో ముక్కలు వంటివి. దానిని తీసివేసినా మన సొత్తు ఏదీ పోదు, అవసరమైతే యాప్ మళ్లీ తెచ్చుకొంటుంది. డేటా అలా కాదు. అది మన సందేశాలు, మన లాగిన్, మనం దించుకొన్నవి, మనం పెట్టుకొన్న గుర్తులు. వంటింట్లో గిన్నెలు కడగడానికీ, బియ్యం డబ్బా కుమ్మరించడానికీ ఉన్నంత తేడా ఈ రెండింటికీ ఉంది.

ఇక ఖాలా తొలగించిన ఫొటోలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. ఫొటోను తొలగించినప్పుడు ఫోను దానిని వెంటనే చెరిపివేయదు, చెత్తబుట్టలోకి మారుస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో దాని పేరు ‘Trash’ లేదా ‘Bin’. బ్యాకప్ అయిన ఫొటోలు అందులో 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు ఉంటాయి. పొరపాటున తీసివేసినదానిని తిరిగి తెచ్చుకోవడానికి చేసిన ఏర్పాటు అది. కానీ అంతవరకు ఫోనులోని ఫొటో స్థలాన్ని ఆక్రమించే ఉంటుంది. 64 జీబీల ఆ ఫోనులో మిగిలినది 0.4 జీబీ మాత్రమే. చెత్తబుట్ట తెరిచి, అందులో ఉంచుకోవలసినది ఏదీ లేదని ఖాలా చూసుకొన్నాక దానిని ఖాళీ చేశాము. 3.6 జీబీల స్థలం వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను తొలగిస్తే ఖాతాలోని ప్రతి కూడా దానితోపాటే పోతుంది. ఖాతాలో ఉంచి, ఫోనులో మాత్రమే తీసివేయాలంటే ‘Free up space’ అన్న మీట వాడవచ్చు.

తరువాత వాట్సాప్ చూశాము. అది ఒక్కటే 17 జీబీలు ఆక్రమించింది. మనం కెమెరాతో తీసిన వీడియోను ఎవరికైనా పంపితే, ‘Sent’ అన్న సంచికలో దాని మరో ప్రతి మిగిలి ఉంటుంది. గ్యాలరీలో అసలు వీడియోను తీసివేసినా ఈ రెండవ ప్రతి పోదు. గ్రూపుల్లో వచ్చే పీడీఎఫ్‌లు, స్వర సందేశాలు ఫొటోల గ్యాలరీలో కనిపించనే కనిపించవు. అందువల్ల వాట్సాప్‌ను శుభ్రం చేయవలసినది గ్యాలరీ నుండి కాదు, వాట్సాప్ లోపలి నుండే. సెట్టింగ్స్‌లో ‘Storage and data’, అందులో ‘Manage storage’ తెరిస్తే పెద్ద ఫైళ్లు ఒకచోట, అనేకసార్లు ఫార్వర్డ్ అయినవి మరొకచోట కనిపిస్తాయి. ఆ కింద ఏ సంభాషణ ఎంత స్థలం తీసుకొన్నదో వరుసగా ఉంటుంది.

ఆ వరుసే మాకు అసలు సంగతి చెప్పింది. పైన ఉన్నవి పెళ్లి సంబంధాల గ్రూపు, బంధువుల గ్రూపు, ప్రతి శుక్రవారం ‘జుమా ముబారక్’ వీడియోలు వచ్చే గ్రూపు. ఖాలూ సంభాషణ ఎంతో కిందికి పోతే గాని కనిపించలేదు. స్వర సందేశం చాలా చిన్న ఫైలు, ఒక నిమిషం మాట కొన్ని వందల కేబీలు మించదు. ఖాలూ మాటలన్నీ కలిపినా ఒక్క పెళ్లి వీడియో అంత లేవు. వాటిని తొలగించినా ఖాలాకు దక్కే స్థలం దాదాపు శూన్యం.

అందుకే మొదట ఆ సందేశాలను ఎంచి, ‘Share’ ద్వారా ఖాలా గూగుల్ డ్రైవ్‌లో దాచాము. రెండింటిని అక్కడే తెరిచి వినిపించి, సరిగా చేరాయని నిర్ధారించుకొన్నాము. ఆ తరువాతే ఫార్వర్డ్ వీడియోలను, గ్రూపుల పాత ఫైళ్లను తొలగించాము. 9 జీబీలు ఖాళీ అయ్యాయి. మళ్లీ నిండకుండా అదే ‘Storage and data’ పుటలో ‘Media auto-download’ కింద వీడియోల గుర్తు తీసివేశాము. ఇకపై ఆమె తాకిన వీడియో మాత్రమే దిగుతుంది.

మూడవ చోటు మేము ఊహించనిది, ఖుర్ఆన్ యాప్. ఖాలా ముగ్గురు ఖారీల పూర్తి పారాయణాన్ని దించుకొన్నారు. 128 కేబీపీఎస్ నాణ్యతలో 30 గంటల పారాయణం సుమారు 1.7 జీబీలవుతుంది, ముగ్గురివి కలిపి 5 జీబీలు దాటాయి. ఇది క్యాష్ కాదు, డేటా. కాబట్టి ‘Clear cache’ నొక్కితే ఇందులో ఒక్క సూరా కూడా తగ్గదు. ‘Clear data’ నొక్కితే పారాయణంతోపాటు ఆమె ఎక్కడ ఆగారో ఆ గుర్తు కూడా పోతుంది. దారి ఒక్కటే, యాప్ లోపల డౌన్‌లోడ్‌ల జాబితా తెరిచి, అక్కర లేనివాటిని తొలగించడం. ఖాలా రోజూ వినేది ఒక్కరినే. ఆయన పారాయణం ఉంచి, మిగిలిన ఇద్దరివి తీసివేయగా 3.4 జీబీలు వచ్చాయి.

చివరగా, వీడియో యాప్‌లకూ బ్రౌజర్‌కూ ‘Clear cache’ నొక్కితే 1.8 జీబీలు తేలాయి. అన్నిటికన్నా తక్కువ లాభం ఇక్కడే. పైగా ఇది నిలవదు, ఆ యాప్‌లు వాడుతున్న కొద్దీ కొన్ని వారాలలోనే క్యాష్ మళ్లీ పెరుగుతుంది. అందుకే ప్రతిరోజూ క్యాష్ తుడవడం వృథా శ్రమ.

మొత్తం మీద 0.4 జీబీల ఖాళీ 18.2 జీబీలకు చేరింది. హెచ్చరిక మాయమైంది. ఖాలా తొలగించాలనుకోని ఫొటో ఒక్కటీ పోలేదు.

మీ ఇంట్లో పెద్దల ఫోనుకు ఇటువంటి హెచ్చరిక వస్తే, ఇతరుల చేతికి ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పుటలో యాప్‌లను పరిమాణం వారీగా ఒకసారి చూడండి. ఆపై వారినే అడగండి: “ఇందులో పోకూడనిది ఏది?” మా ఖాలా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఫోను తీసుకొని ఖాలూ చివరి సందేశం వినిపించారు. “ఇఫ్తార్ అయిందా? అన్నం తిన్నావా?” అన్న ఆ రెండు మాటలు ఎనిమిది క్షణాలైనా లేవు. అల్లాహ్ ఆయనను క్షమించి, కరుణించుగాక. ఆమీన్.