చట్టం చెవికెక్కేలా: పోష్ శిక్షణ పాఠానికి వాయిస్ ఓవర్

పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది. ఆఫీసుల్లో అందరూ దాన్ని పోష్ చట్టం అంటారు. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి పునాది. ఆ పేరు విశాఖపట్నానిది కాదు, కోర్టుకెళ్ళిన రాజస్థాన్ మహిళా సంస్థది. ఉద్యోగులకు ఎప్పటికప్పుడు ఈ చట్టంపై అవగాహన కల్పించే బాధ్యతను 19వ సెక్షన్ యజమానిపై పెట్టింది. చాలా కంపెనీల్లో ఆ బాధ్యత కంప్యూటర్ తెర మీద నడిచే పాఠంగా మారింది. స్లైడ్లు మారుతుంటాయి, వెనక నుంచి ఒక గొంతు చదువుతుంటుంది. అది చదివేది చాలాసార్లు చట్టంలోని వాక్యాలనే. వినేవాళ్ళు శబ్దం ఆపేసి, ‘నెక్స్ట్’ బటన్ ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తూ వేరే పని చేసుకుంటారు.

దీనికి వాళ్ళ అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. చట్టంలోని వాక్యం కళ్ళతో చదవడానికి రాసింది. అర్థం కాకపోతే కళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటాయి, చెవికి ఆ వీలు లేదు. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. షరతులన్నీ ముందు వరసగా చెప్పి చివర్లో ‘ఫిర్యాదు చేయవచ్చు’ అంటే, ఏం చేయవచ్చో తెలిసే వేళకు మొదటి షరతు జారిపోయి ఉంటుంది.

ఫిర్యాదు గడువునే తీసుకుందాం. పాఠంలో సాధారణంగా ఇలా వినిపిస్తుంది: ‘బాధిత మహిళ ఘటన జరిగిన తేదీ నుండి మూడు నెలల లోపు, వరుస ఘటనల విషయంలో చివరి ఘటన తేదీ నుండి మూడు నెలల లోపు, ఇంటర్నల్ కమిటీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చును.’ ఇందులో తప్పేమీ లేదు, కానీ విన్నవాళ్ళకు ‘మూడు నెలలు’ తప్ప మరేదీ మిగలదు. నిజానికి అసలు చిక్కు ఆ రెండో భాగంలోనే ఉంది.

అదే విషయాన్ని ఒక ఉదంతంతో మొదలుపెడితే వినడం మారిపోతుంది. ‘ఒక ఉద్యోగినితో ఆమె టీమ్ లీడర్ జనవరి 10న ఆఫీసు క్యాబ్‌లో అసభ్యంగా మాట్లాడాడు. మార్చి 2న మళ్ళీ మాట్లాడాడు. ఏప్రిల్ 5న రాత్రి అలాంటి మెసేజే పంపాడు. ఆమె జూన్ 20న రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. గడువు దాటిందా?’ ఇక్కడ గొంతు ఆగుతుంది. జనవరి నుంచి లెక్కపెట్టినవాళ్ళు ఐదు నెలలు దాటిందనుకుంటారు. నాలుగు సెకన్ల తర్వాత జవాబు వస్తుంది: ‘దాటలేదు. ఒకదాని తర్వాత ఒకటిగా జరిగినప్పుడు లెక్క చివరి ఘటన నుంచి మొదలవుతుంది. ఏప్రిల్ 5 నుంచి మూడు నెలలంటే జూలై 5.’ ఆ వెంటనే చిన్న ప్రశ్న: ‘ఆమె జూలై 20న వచ్చి ఉంటే?’ అప్పుడూ తలుపు పూర్తిగా మూసుకుపోదు. గడువులోగా రాలేకపోయిన పరిస్థితులు నిజమేనని కమిటీకి అనిపిస్తే, కారణాలు రాసిపెట్టి మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. ఇంత చెప్పాక చట్టంలోని నియమాన్ని ఒక్కసారి పూర్తిగా, మార్చకుండా చదవాలి. ఇప్పుడది చెవికి కొత్త కాదు కాబట్టి నిలుస్తుంది. ఈ ఉదంతం మరో పని కూడా చేసింది. కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా చట్టం దృష్టిలో పనిచోటేనని విడిగా పాఠం చెప్పకుండానే తెలిసింది.

ప్రశ్నకు బలం ఇచ్చేది దాని తర్వాతి మౌనమే. తరగతి గదుల్లో ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. ఆ విరామం మూడు సెకన్లు దాటితే పిల్లల జవాబులు మెరుగయ్యాయని ఆమె 1970లలో ప్రచురించిన పరిశోధన చెప్పింది. రికార్డింగులో ఈ ఖాళీని ఎడిటర్ పొరపాటనుకొని కత్తిరించేస్తుంటాడు. అందుకే స్క్రిప్టులోనే ‘నాలుగు సెకన్ల నిశ్శబ్దం’ అని రాసిపెట్టాలి.

ప్రశ్న ఎలాంటిదన్నదీ ముఖ్యమే. ‘వేధింపులు సరైనవేనా?’ లాంటి ప్రశ్నకు అందరి జవాబూ ముందే సిద్ధంగా ఉంటుంది. మంచి ప్రశ్నలో తెలివైనవాళ్ళు కూడా నిజాయితీగా పొరబడే అవకాశం ఉంటుంది. ‘ఫిర్యాదు రుజువు కాకపోతే ఆమె మీద చర్య తీసుకుంటారా?’ అన్నది అలాంటిదే. చాలామంది అవుననుకుంటారు. రుజువు చేయలేకపోవడం ఒక్కటే చర్యకు కారణం కాదని చట్టం స్పష్టంగా అంటుంది. దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు ఇచ్చారని విచారణలో తేలాలి. భయంతో వెనకడుగు వేసేవాళ్ళకు ఈ ఒక్క వివరం చాలా అవసరం.

ఉదాహరణ నాలుగైదు వాక్యాలు దాటకూడదు. నిర్ణయానికి అవసరమైన తేదీ, చోటు, వరస మాత్రమే అందులో ఉండాలి. వేధింపును వర్ణించనక్కర్లేదు. వింటున్నవాళ్ళలో అలాంటిది అనుభవించినవాళ్ళు ఉండవచ్చన్నది ఎప్పుడూ గుర్తుండాలి. అందుకే పాత్రలకు గొంతు మార్చి నటించడం, వెనక సంగీతం పెట్టడం ఈ పాఠానికి తగవు. మామూలు మాటతీరులో, తొణకకుండా చెప్పే గొంతే నమ్మకం కలిగిస్తుంది.

మరి వైవిధ్యం ఎక్కడ నుంచి వస్తుంది? వేగం నుంచి. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి పనిచోటా కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటివారు ఉండాలి. ఇవన్నీ తెర మీద కనిపిస్తాయి కాబట్టి గొంతు వాటిని చకచకా దాటిపోవచ్చు. ఉదంతాన్ని మాట్లాడుకునే వేగంలో చెప్పాలి. గడువు దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించి, అంకెకు ముందూ వెనకా చిన్న విరామం ఇవ్వాలి. ‘విచారణ తొంభై రోజుల్లో పూర్తి కావాలి’ అన్నదాన్ని ఒక్క వాక్యంగా, దాని తర్వాత మరో అంకె వెంటనే రాకుండా చెప్పాలి. అనుభవమున్న వ్యాఖ్యాతలు స్క్రిప్టు మీద చిన్న విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు పెట్టుకుంటారు.

తెలుగు పాఠాల్లో ఈ వేగం దెబ్బతినడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. చాలా పాఠాలు మొదట ఇంగ్లీషులో తయారై తర్వాత తెలుగులోకి వస్తాయి. ఇంగ్లీషు వాయిస్ ఓవర్ సుమారుగా నిమిషానికి 130 నుంచి 150 మాటల దాకా నడుస్తుంది. తెలుగు మాట ప్రత్యయాలను కలుపుకొని పొడవుగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క దీనికి కుదరదు. స్లైడ్ల సమయం మార్చకపోతే వ్యాఖ్యాత పరుగెత్తక తప్పదు, ముందుగా బలయ్యేవి విరామాలే. స్లైడ్ల సమయాన్ని తెలుగు ఆడియోకు తగ్గట్టు మళ్ళీ సరిచేయాలి. అది కుదరకపోతే తెర మీద ఉన్న మాటలను గొంతు నుంచి తీసేయాలి.

ఫలితం తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. పాఠం గురించి ఏమీ తెలియని ఒకరికి తెర చూపకుండా ఆడియో మాత్రమే వినిపించి, మర్నాడు గడువు నియమాన్ని సొంత మాటల్లో చెప్పమనాలి. ‘మూడు నెలలు’ అని ఊరుకుంటే ఉదంతం పనిచేయలేదు. ‘చివరిసారి జరిగిన దగ్గర నుంచి’ అన్న మాట వస్తే పనిచేసింది. కంప్యూటర్‌లో నమోదయ్యే జవాబులూ సాయపడతాయి. ఒక ప్రశ్నకు దాదాపు అందరూ మొదటిసారే సరిగ్గా చెబుతుంటే దాన్ని తీసేయవచ్చు. ఎక్కువమంది ఒకే తప్పు జవాబును ఎంచుకుంటుంటే ఆ ప్రశ్నను ఉంచి, అలా ఎందుకు అనిపిస్తుందో వివరించే రెండు వాక్యాలను దాని తర్వాత చేర్చాలి. స్క్రిప్టులో మార్చిన ప్రతి వాక్యాన్నీ రికార్డింగుకు ముందు చట్టం తెలిసినవారు ఒకసారి చూడాలి. ‘చివరి ఘటన నుంచి’ అన్న చోట ‘ఘటన నుంచి’ అని పడితే వినేవాళ్ళు తమ గడువును తప్పుగా లెక్కపెట్టుకుంటారు.