పేరు లేని ప్రశ్నకు పేరు చెప్పని జవాబు

కోయంబత్తూరు, మధుర జిల్లాల్లోని పాత తెలుగు ఊళ్ళలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. వారిలో కొందరు తమ ఇంటి తెలుగును ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల ద్వారా బయటి తెలుగువారికి వినిపిస్తున్నారు. ఆ స్టోరీపై ప్రశ్నల పెట్టె అతికిస్తే చూసినవారు అందులో ప్రశ్న రాసి పంపవచ్చు. 2018లో వచ్చిన ఈ సదుపాయం గురించి పెద్దలు కూడా కొంత తెలుసుకోవడం మంచిది.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. ఆ పెట్టెలో పడే ప్రశ్న పూర్తిగా అజ్ఞాతం కాదు. ప్రశ్న ఏ ఖాతా నుంచి వచ్చిందో స్టోరీ పెట్టినవారికి కనిపిస్తుంది. వారు జవాబుతో కలిపి దానిని మళ్ళీ స్టోరీగా పెట్టినప్పుడు మాత్రమే అడిగినవారి పేరు ఇతరులకు కనబడదు. అయితే ఆ ఖాతా మారుపేరుతో తెరిచినది కావచ్చు. కాబట్టి అడిగినవారెవరో మనకు నిజంగా తెలియదు. మన జవాబును మాత్రం ఖాతా అందరికీ తెరిచి ఉంటే ఎవరైనా చూడవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మధుర దగ్గరి పల్లెకు చెందిన ఒక విద్యార్థిని స్టోరీకి ఇలా ప్రశ్న వచ్చింది: "మీ యాస వేరుగా ఉంది. మీరు నిజంగా తెలుగువారేనా? ఏ ఊరు? ఇంటిపేరు ఏమిటి?" అడిగిన తీరులో చెడు ఏమీ కనిపించదు. మన పెద్దలు కొత్తవారిని అడిగేవీ ఇవే మాటలు. అందుకే జవాబు చెప్పబుద్ధి అవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. తమిళనాట బయటి వ్యవహారంలో పేరు ముందు ఒక పొడి అక్షరమే ఉంటుంది. పూర్తి ఇంటిపేరు ఎక్కువగా పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడే వినిపిస్తుంది. ఒక ఊరిలో ఒక ఇంటిపేరు గలవారు నాలుగైదు కుటుంబాలే ఉండవచ్చు. ఇంటిపేరుకు కులదైవం గుడి తోడైతే కుటుంబం, నాన్నగారి అంగడి తోడైతే ఇల్లు తెలిసిపోతాయి. సోమవారం ఇంటిపేరు, బుధవారం గుడి తిరునాళ్ళ ఫొటో, శనివారం అంగడి మాట చెబితే, విడివిడిగా చిన్నవైన ఆ మూడూ కలిసి చిరునామా అవుతాయి. పుట్టిన ఊరు, తల్లి పుట్టింటి పేరు వంటివి కొన్ని ఖాతాల భద్రతా ప్రశ్నలకు జవాబులుగా కూడా ఉంటాయి.

అయితే ఆ విద్యార్థిని ఏమి రాయాలి? ఇలా రాస్తే చాలును: "అవును, తెలుగువారమే. నాయక రాజుల కాలంలో మా పూర్వులు ఈ ప్రాంతానికి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. తమిళంతో కలిసి పెరిగిన భాష కనుక యాస వేరు. ఊరు, ఇంటిపేరు ఇక్కడ చెప్పను." ఇందులో ప్రశ్నలోని అసలు సందేహం తీరింది, కోపం లేదు, ఆమె ఇంటికి దారీ లేదు. జవాబు పొడవు పెరిగేకొద్దీ "మా తాతగారు, మా వీధి" అంటూ వివరాలు వాటంతటవే దొర్లుతాయి. చిన్న జవాబు మేలనడానికి కారణం ఇదే.

అడిగినవారి వివరాలను కాపాడటం కూడా జవాబు చెప్పేవారి బాధ్యతే. ప్రశ్నలో వారి ఊరో, ఇంటి గొడవో ఉంటే పేరు దాగినా ఊరివారు గుర్తుపట్టగలరు. అప్పుడు ప్రశ్నను యథాతథంగా పెట్టకుండా దాని సారాన్ని మన మాటల్లో రాసి జవాబు చెప్పాలి. "నువ్వెవరో నాకు తెలుసులే" అని సరదాకైనా రాయరాదు.

పెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. ఈ జవాబు చదివిన కొత్త మనిషి మన ఊరి బస్టాండులో దిగి ఇద్దరిని అడిగితే మన ఇల్లు దొరుకుతుందా? దొరుకుతుందనిపిస్తే ఆ వాక్యాన్ని కొట్టివేయాలి.

స్టోరీ 24 గంటల తరువాత మాయమవుతుంది గదా అని ధీమా పడరాదు. చూసినవారు తెర బొమ్మ తీసి ఉంచుకోవచ్చు. మామూలు స్టోరీకి అలా తీసినట్లు మనకు కబురు రాదు. పొరపాటున వివరం వెళ్ళిపోతే వెంటనే స్టోరీని తొలగించి, ఖాతాను తెలిసినవారికే కనిపించేలా మార్చుకోవాలి. ఎవరైనా బెదిరిస్తే వారి సందేశాలను చెరపకుండా భద్రపరచి, ఇంట్లో పెద్దలకు చెప్పి, cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి.