ఒక్క గేదె పాడి: ఎప్పుడు మానుకోవాలి?

పదిహేను రోజులకోసారి పాల కేంద్రం బిల్లు చేతికొచ్చిన రోజున గేదెను అమ్మేద్దామన్న మాట ఏ ఇంట్లోనూ రాదు. ఈనిన మొదటి రెండు నెలల్లో అయితే అసలే రాదు. పూటకు నాలుగు లీటర్ల పైన పాలు, నెలకు 12 వేల దాకా బిల్లు. వ్యవసాయమో, చిన్న ఉద్యోగమో, కుట్టుపనో చేసుకుంటూ పక్కన ఒక్క గేదెను పెట్టుకున్న ఇంటికి ఆ డబ్బు చాలా పెద్దగా కనిపిస్తుంది. అమ్మేద్దామన్న మాట వచ్చేది గేదె వట్టిపోయి, దాణాకు చేతినుంచి పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, అదీ విసుగులో. ఆ రెండు రోజులూ నిర్ణయానికి పనికిరావు. గేదె ఆదాయాన్ని నెలలతో కొలవకూడదు. ఒక ఈత నుంచి మరో ఈత దాకా కొలవాలి.

ఆ కాలం ఎంతో ముందు చూద్దాం. గేదె చూడి మోసేది సుమారు 310 రోజులు. ఈనిన నాలుగు నెలలకు మళ్లీ చూడి కట్టిందనుకుంటే, ఈతకూ ఈతకూ మధ్య 430 రోజులు పడతాయి. అందులో 280 రోజులు పాలిస్తే, మిగిలిన 150 రోజులు తిండి పెట్టడమే తప్ప రాబడి ఉండదు. ఇది బాగా నడిచే గేదె లెక్క. చాలా ఇళ్లలో ఇంతకన్నా ఆలస్యమే అవుతుంది.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. గ్రేడెడ్ ముర్రా గేదె, కొన్న ధర 90 వేలు. ధరలు ఊరూరికీ మారతాయి కాబట్టి ఇక్కడి అంకెల చోట మీ ఊరి అంకెలు పెట్టుకోండి, లెక్క దారి మాత్రం ఇదే. పాలిచ్చే కాలమంతా కలిపి సగటున రోజుకు 6 లీటర్లు. ఈనిన కొత్తలో తొమ్మిది, చివరలో మూడు, అందుకే సగటు ఆరు. అందులో లీటరు ఇంట్లోకి, అయిదు కేంద్రానికి. కేంద్రం వాళ్లు కొనేది పాలను కాదు, పాలలోని వెన్నను. కిలో వెన్నకు 770 రూపాయలిస్తే, ఆరున్నర శాతం వెన్న ఉన్న పాలకు లీటరుకు 50 రూపాయలొస్తుంది. 280 రోజులకు 1,400 లీటర్లు, 70 వేలు. ఇంట్లో వాడుకున్న 280 లీటర్లను కేంద్రం ధరకు కట్టడం న్యాయం కాదు. గేదె లేకపోతే అవే పాలను ప్యాకెట్లో 70 పెట్టి కొనేవారు. కాబట్టి వాటికి 19,600. రాబడి మొత్తం 89,600.

ఖర్చులోకి వద్దాం. ఒంటి పోషణకు ఒకటిన్నర కిలో దాణా, దానిపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో, ఇది పాడి రైతులు పాటించే కొలత. ఆరు లీటర్లకు నాలుగున్నర కిలోలు. తవుడు, పత్తిచెక్క, మొక్కజొన్న పిండి కలిపిన దాణా కిలో 30 రూపాయల చొప్పున 135. వరిగడ్డికి మరో 35. పచ్చిగడ్డి గట్ల మీద నుంచి కోసుకొస్తారు, దానికి డబ్బు కాదు, ఒళ్లు ఖర్చవుతుంది. పాలిచ్చే 280 రోజులకు 47,600. వట్టి రోజుల్లో రోజుకు 100 చొప్పున 15 వేలు. మందులు, నట్టల మందు, సూది, బీమా, తాళ్లూ తట్టలూ కలిపి 4 వేలు. మొత్తం 66,600 పోగా చేతిలో 23 వేలు మిగులుతుంది.

దాదాపు అందరూ వదిలేసే ఒక పద్దు ఇంకా ఉంది. గేదె ఏటికేడు ముసలిదవుతుంది. 90 వేలకు కొన్నది అయిదు ఈతల తర్వాత 40 వేలకు పోతే, ఈతకు 10 వేలు అరిగినట్టే. దాన్ని తీసేస్తే 13 వేలు. పేడ ఎరువుకు 5 వేలు, దూడకు సగటున 5 వేలు కలపండి. పెయ్య పుడితే ఎక్కువే వస్తుంది, దున్నదూడ అయితే దాదాపు ఏమీ రాదు, కాబట్టి సగటే వేసుకోవాలి. మళ్లీ 23 వేల దగ్గరకే వచ్చాం. పధ్నాలుగు నెలల పైచిలుకు కాలానికి ఇది నెలకు 1,600 రూపాయలు. బిల్లులో కనిపించిన 12 వేలెక్కడ, ఇదెక్కడ!

ఇక ఆ ఇంటావిడ రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున లేచి పేడ తీసి, కొట్టం ఊడ్చి, దాణా కలిపి, దూడను వదిలి, పాలు పిండి కేంద్రానికి నడుస్తుంది. అక్కడ వరుసలో నిలబడి వెన్న శాతం చూపించుకుని ఇంటికొచ్చేసరికి గంటకు పైనే. మధ్యాహ్నం గడ్డికి ఒక గంట. సాయంత్రం మళ్లీ అదే పని. వెరసి రోజుకు మూడు గంటలు, వట్టి రోజుల్లో రెండు. 430 రోజులకు 1,140 గంటలు. 23 వేలను వాటితో భాగిస్తే గంటకు 20 రూపాయలు. మన రెండు రాష్ట్రాల్లో 2025-26కు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు, ఎనిమిది గంటల మీద చూస్తే గంటకు 38.

అంతమాత్రాన గేదెను సంతకు తోలెయ్యమని కాదు. గంటకు 20 అన్నది ఎవరి గంట అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఇంట్లో అరవై దాటిన అత్తగారు ఉండి, ఆమెకు బయట పని దొరకక, గేదె దగ్గర కాలక్షేపం బాగుండి, మోకాళ్లు సహకరిస్తుంటే, ఆ గంటలకు కొనేవాళ్లు వేరే లేరు. అక్కడ 20 కూడా రాబడే. అదే కుట్టుపని చేసే కోడలు, గడ్డికి వెళ్లాలని జాకెట్లు వెనక్కి పంపుతూ ఉంటే, ఆమె మధ్యాహ్నపు గంటకు అప్పటికే ఒక ధర ఉంది. ఆ ధరకూ 20కీ మధ్య తేడా ప్రతిరోజూ ఆమె జేబు నుంచే పోతోంది. ఆడవాళ్ల పనిని సున్నా కింద రాసి పాడి లాభమని చెప్పుకునే అలవాటు మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. అది నాకు తప్పుగానే తోస్తుంది. ఆ పని చేసే మనిషినే అడిగి గంటలు రాయాలి. మానాలా వద్దా అన్న చర్చలో మొదటి మాట కూడా ఆమెదే కావాలి.

మానేముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ పనిలోనే డబ్బు లేదా, లేక మనం చేసే తీరులో పోతోందా? ఒక్కటి మార్చి చూస్తే తెలుస్తుంది. ఆ 1,400 లీటర్లను కేంద్రానికి కాకుండా నాలుగు ఇళ్లకు వాడుకగా లీటరు 70కి పోయగలిగితే, 28 వేలు అదనం. తిరగడానికి రోజుకు అరగంట ఎక్కువ వేసుకున్నా గంట విలువ 40 అవుతుంది. అంటే ఇక్కడ లోపం పాడిలో లేదు, అమ్మకంలో ఉంది. వాడుక ఇళ్లు దొరికే ఊరైతే ఒక ఈత అలా నడిపి చూడటం మేలు. దొరకని ఊరైతే ఆ ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు పోయే రెండో చోటు ఎద. గేదె 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆవులా గట్టిగా బయటపడదు. మూగ ఎద ఎక్కువ, వేసవిలో మరీను, లక్షణాలు రాత్రిపూటో తెల్లవారుజామునో కనిపించి పోతాయి. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు ఉన్నట్టుండి తగ్గడం, తేటగా తీగ వేయడం చూసుకోకపోతే ఆ విడత పోయినట్టే. తప్పిన ప్రతి ఎదా వట్టి రోజులను మరో 21 పెంచుతుంది, అంటే 2,100 రూపాయల తిండి. నాలుగు తప్పితే ఎనిమిది వేల పైమాటే, ఈత మొత్తం మిగులులో మూడో వంతు పైన. సూది వేయించి మూడుసార్లు నిలవకపోతే నాలుగోసారి వేయించకుండా పశువైద్యుడికి చూపించాలి. గర్భకోశంలో జబ్బు ఉంటే వైద్యంతో పోతుంది, పోషణ లోపమైతే ఖనిజ లవణాలతో కుదురుతుంది. ఏదీ కాకపోతే అది ఆ గేదెను వదులుకోవాల్సిన చోటు, పాడినే వదులుకోవాల్సిన చోటు కాదు.

ఈ మార్పులు చేశాక కూడా, ఒక పూర్తి ఈత లెక్కలో గంట విలువ మీరు అనుకున్న గీత కిందే ఉంటే మానుకోవడమే మంచిది. అయితే ఆ గీత ముందే గీసుకోవాలి. లెక్క వచ్చాక గీస్తే అది వచ్చిన అంకె కిందికే జారుతుంది.

మానడం అనుకున్నాక ఏ రోజు మానాలన్నది వేరే లెక్క. ఇక్కడ చాలామంది కొన్న ధర దగ్గర ఆగిపోతారు. ‘తొంభై వేలు పెట్టాం, నలభై అయిదుకు ఎలా ఇస్తాం’ అంటారు. ఆ తొంభై వేలు గేదెను ఉంచుకున్నా రావు, అమ్మినా రావు. చూడాల్సింది ఈరోజు ధర, ఆగితే వచ్చే ధర, ఆగడానికయ్యే ఖర్చు. వట్టిపోయిన గేదెకు ఈరోజు 45 వేలు, ఈనాక 80 వేలు పలుకుతుందనుకుందాం. తేడా 35 వేలు. అయిదు నెలల చూడి అయితే ఈనడానికి ఇంకా 160 రోజులు. తిండికి 16 వేలు, రెండేసి గంటల పనికి గంటకు 20 కట్టినా 6,400, మొత్తం 22,400. ఆగడమే లాభం. రెండు నెలల చూడి అయితే 250 రోజులు, తిండికి 25 వేలు, పనికి 10 వేలు, సరిగ్గా 35 వేలు. ఆగి గడించేది ఏమీ లేదు, పైగా ఈతలో ఇబ్బంది వస్తే నష్టం మనదే. చూడి కట్టనే లేదంటే ఆగే ప్రతి నెలా గేదె ధరలోంచే పోతుంది. చూడి ఉందో లేదో ఊహించుకోవద్దు. సూది వేయించిన రెండు మూడు నెలలకు వైద్యుడు చేత్తో పరీక్షించి చెప్పేస్తాడు.

ఈనాక అమ్మేదైతే జున్నుపాల రోజులు దాటి, పాలు బాగా పెరిగే మొదటి నెలలోనే, దూడతో కలిపి ఇవ్వండి. ఇక్కడే చెయ్యి వెనక్కి లాగుతుంది, బిల్లు మళ్లీ పెద్దదిగా కనిపించే రోజులు కదా. ఇంకో మూడు నెలలు పిండుకుని అమ్ముదామనుకుంటే పాలు దిగిపోతాయి, ధర కూడా వెంట దిగుతుంది. కొనేవాళ్లు రెండు పూటలు తమ ఎదుట పాలు పిండి చూపించమంటారు. ముందు పూట పాలు ఆపి పొదుగు నింపి చూపించే తంతు జోలికి పోవద్దు. రోజూ పిండే వేళకే పిండి, బీమా కాగితం, టీకా చీటీ, కేంద్రం పాల పుస్తకం వాళ్ల ముందు పెడితే బేరం మధ్యవర్తి లేకుండానే ముగుస్తుంది, దలాలీ కూడా మిగులుతుంది.