నాలుగు కేజీల పైపా, ఆరు కేజీల పైపా?

పొలానికి పైపులైను వేద్దామని పీవీసీ దుకాణానికి వెళ్తే, సైజు చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: “అన్నా, నాలుగు కేజీలదా, ఆరు కేజీలదా?” చాలామంది జవాబు ధరను బట్టే ఉంటుంది. నిజానికి ఆ జవాబు చెప్పాల్సింది బావికీ తొట్టికీ మధ్య ఉన్న ఎత్తు, పైపులో నీరు పరుగెత్తే వేగం.

ఆ కేజీలు పైపు బరువు కాదు. పైపు గోడ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడి పడినా ఏళ్ల తరబడి తట్టుకోగలదో చెప్పే లెక్క అది. పొలాలకు, మంచినీటికి వాడే పీవీసీ పైపులకు ఐఎస్ 4985 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో రెండున్నర కేజీలు, 4, 6, 8, 10, ఇలా తరగతులుంటాయి. తరగతి మారినా బయటి వ్యాసం మారదు. 90 మి.మీ. పైపు ఏ తరగతిదైనా బయట 90 మి.మీ.లే. మందం లోపలివైపు పెరుగుతుంది. అందుకే ఒకే కప్లింగు అన్నింటికీ పడుతుంది, పైపును బయటనుంచి చూస్తే తేడా కనబడదు.

మందం ఎంతుండాలన్నది ఊహ కాదు. పైపును నిలువునా రెండు బద్దలుగా అనుకోండి. లోపలి నీరు ఆ రెండు బద్దలనూ చెరోవైపు నెడుతుంది, రెండు పక్కల గోడలు పట్టి ఆపుతాయి. పైపు ఎంత లావైతే నెట్టుడు అంత ఎక్కువ, కాబట్టి మందమూ అంత పెరగాలి. కేజీల్లో ఒత్తిడిని మి.మీ.లలో వ్యాసంతో గుణించండి. పీవీసీ దీర్ఘకాలం భరించే బలం చదరపు సెంటీమీటరుకు సుమారు 86 కిలోలు. దాన్ని రెట్టింపు చేసి, ఒత్తిడిని కలిపి, ఆ మొత్తంతో భాగించండి. 90 మి.మీ. ఆరు కేజీల పైపుకు 540ని 178తో భాగిస్తే మూడు మి.మీ. పైచిలుకు వస్తుంది. ప్రమాణం అడిగే కనీస మందం 3.1. నాలుగు కేజీల పైపుకు 2.1 చాలు. అంటే ఆరు కేజీల పైపులో దాదాపు ఒకటిన్నర రెట్లు ప్లాస్టిక్ ఉంటుంది. ధరలో తేడాకు మూలం అదే.

ఇప్పుడు ఒక పొలం లెక్క చూద్దాం. బావి దగ్గర మోటారు. 600 మీటర్ల దూరంలో, 28 మీటర్ల ఎత్తున గట్టుమీద నీళ్ల తొట్టి. సెకనుకు 5 లీటర్లు రావాలి. పైపు 90 మి.మీ.లది. నీటి మట్టం ప్రతి 10 మీటర్లకు ఒక కేజీ చొప్పున ఒత్తిడి పెడుతుంది, కనుక ఎత్తు వల్ల 2.8 కేజీలు. ఇంత దూరం గోడల్ని రాసుకుంటూ వెళ్లినందుకు ఇంకో ఆరు మీటర్లు పోతుంది. మొత్తం 34 మీటర్లు, 3.4 కేజీలు. “నాలుగు కేజీలది సరిపోతుంది కదా” అని ఇక్కడే ఆగిపోతారు. పైపులు పగిలేది కూడా ఇక్కడ ఆగిపోవడం వల్లే.

మోటారు నడుస్తున్నప్పుడు ఆ లైనులో మూడు టన్నులకు పైగా నీరు సెకనుకు దాదాపు 0.9 మీటరు వేగంతో కదులుతోంది. కరెంటు పోయింది. నీరు కాస్త ముందుకు సాగి, ఆగి, వెనక్కి మళ్లి మూసుకున్న ఎన్‌ఆర్‌వీని గుద్దుతుంది. ఇంజనీర్లు వాటర్ హ్యామర్ అనేది దీన్నే. ఆ దెబ్బ పీవీసీలో సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో అలగా ప్రయాణిస్తుంది. ఆ అల వేగాన్ని నీటి వేగంతో గుణించి 9.8తో భాగిస్తే దెబ్బ ఎన్ని మీటర్లో తెలుస్తుంది. ఆరు కేజీల పైపులో అది 29 మీటర్ల దాకా వస్తుంది. ఎత్తు వల్ల వచ్చే 28తో కలిపితే 57 మీటర్లు, అంటే 5.7 కేజీలు. ఆరు కేజీల పైపు హద్దులో నిలబడింది. నాలుగు కేజీల పైపు గోడ పలచన కాబట్టి కాస్త సాగి దెబ్బను తగ్గిస్తుంది, అయినా అక్కడ మొత్తం ఐదు కేజీలు దాటుతుంది.

దాటిన మొదటి రోజే పగలదు. పైపుకు తక్షణ బలం రాసిన అంకెకంటే చాలా ఎక్కువ. కానీ రోజుకు పదిసార్లు కరెంటు పోయి వచ్చే చోట గోడ అలసిపోతుంది. ఏ గీత దగ్గరో, అతుకు పక్కనో మొదలైన చీలిక రెండో మూడో ఏట పొడవుగా నోరు తెరుస్తుంది. మోటారు దగ్గరి పల్లంలో ఇలా నిలువునా చీలితే అనుమానం ముందు తరగతి మీదే పడాలి.

వాల్వు విషయం కూడా ఇంతే. ఈ లైనులో అల అటు వెళ్లి ఇటు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. అంతకంటే త్వరగా వాల్వు మూస్తే పూర్తి దెబ్బ తగులుతుంది. ఒక్క మలుపుతో మూసుకునే బాల్ వాల్వుతో ఇది చాలా తేలిక. నడుస్తున్న మోటారు ఒత్తిడి 34కు ఆ 29 కలిస్తే ఆరు కేజీల పైపూ హద్దు దాటుతుంది. చక్రం తిప్పే గేట్ వాల్వు పెట్టి నింపాదిగా తిప్పడం నయం.

ఎండ లెక్క వేరే ఉంది. పైపు మీది అంకె 27 డిగ్రీల వేడికి రాసింది. పైపు 45 డిగ్రీలకు వేడెక్కితే బలం మూడో వంతుకు పైగానే తగ్గుతుంది. ఏప్రిల్ ఎండలో నేలమీద పరచిన ఆరు కేజీల పైపు పేరుకే ఆరు కేజీలది. మన వైపు పైపును పాతిపెట్టడం నాగలి తగలకుండా ఉండడానికే కాదు.

డబ్బు మిగలాలంటే ఒక దారి ఉంది. ఒత్తిడి లైను పొడవునా ఒక్కటిగా ఉండదు. సగం దూరంలో, 14 మీటర్ల ఎత్తు ఎక్కాక, తొట్టి దాకా మిగిలిన ఎత్తు 14 మీటర్లే. అక్కడినుంచి పైకి నాలుగు కేజీల పైపు నిలబడుతుంది. నేల ఒకే వాలుగా ఉండి, చివర వాల్వు లేకుండా తొట్టిలోకి తెరిచి ఉంటేనే ఈ మాట. మధ్యలో వాగు దిగి ఎక్కితే, ఆ అడుగున మళ్లీ ఆరు కేజీలదే కావాలి. మోటారు నుంచి ఎంత దూరమన్నది కాదు, నీటి మట్టానికి ఎంత కిందన్నది చూడాలి.

ఇళ్లలో వాడే షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 పైపులకు ఈ లెక్క పనికిరాదు. షెడ్యూల్ మందానికి పేరు, ఒత్తిడికి కాదు. అరంగుళం షెడ్యూల్ 40 పీవీసీ పైపు 40 కేజీలకు పైగా తట్టుకుంటే, అదే షెడ్యూల్ నాలుగంగుళాలది 15 కేజీల దగ్గర ఆగిపోతుంది. ఇనుప జీఐ పైపులకు మందాన్ని రంగు పట్టీ చెబుతుంది: పసుపు పలచన, నీలం మధ్యస్థం, ఎరుపు మందం.

పైపులు లారీ దిగేటప్పుడు గోడమీది అచ్చు చదవండి. కంపెనీ పేరు, ఐఎస్ఐ గుర్తు, 4985, వ్యాసం, తరగతి ఉండాలి. తర్వాత కోసిన అంచుకు వెర్నియర్ కాలిపర్స్ పెట్టి చుట్టూ నాలుగుచోట్ల కొలవండి. ఒకవైపు 3.4, ఎదురువైపు 2.7 వస్తే సగటు సరిపోయిందని ఊరుకోకండి. పైపు చీలేది ఆ 2.7 దగ్గరే, ఆ లోడు వెనక్కి పంపడమే మేలు.