టీవీ అమ్మకానికి ఉంది, సరే... తెర ఎలా ఉంది?

"43 ఇంచుల స్మార్ట్ టీవీ. గుడ్ కండిషన్. అర్జెంట్ సేల్." పాత టీవీల ప్రకటనలు చాలావరకు ఇంతే. ఇది చూసినవాడు ఫోన్ చేసి అడిగేవి మాత్రం ఇందులో ఒక్కటీ ఉండవు. ఏ మోడల్, ఎప్పుడు కొన్నారు, తెర మీద గీతలేమైనా పడ్డాయా, రిమోట్ ఒరిజినలేనా, గోడకు బిగించే క్లాంపు ఇస్తారా? ఒక్కో ఫోనుకూ ఇదే పురాణం చెప్పి విసిగిపోయాక, అమ్మే మనిషి ఆఖరికి ఏ రిపేరు షాపు వాడికో అడిగినంతకు ఇచ్చేస్తాడు.

టీవీ గురించి రాయడం కష్టమేమీ కాదు. ఏది చూడాలో, చూసినదాన్ని ఏమనాలో తెలిస్తే చాలు. ఉదాహరణకు ఒక టీవీని తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక కుటుంబం ఊరు మారుతూ, 2021లో కొన్న 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీని అమ్మాలనుకుంటోంది. ఇప్పటికీ అది గోడ మీదే ఉంది, రోజూ చూస్తూనే ఉన్నారు. అమ్మకానికి ఇదే మంచి సమయం. గోడ మీద నుంచి దించేసిన టీవీని ఆన్ చేసి చూపించడం కష్టం, చూడకుండా కొనేవాడు దొరకడం ఇంకా కష్టం.

ముందు టీవీ వెనక ఉన్న లేబుల్‌ని ఫోటో తీయాలి. మోడల్ నంబరు దాని మీదే ఉంటుంది. చాలా కంపెనీలు తయారైన నెల, సంవత్సరం కూడా అక్కడే వేస్తాయి. ఆ నంబరు ఒక్కటి సరిగ్గా రాస్తే కొనేవాడు మిగతా సాంకేతిక వివరాలన్నీ తనే వెతుక్కోగలడు. గోడకు అతికి ఉన్న టీవీ వెనకకు తల పెట్టనక్కర్లేదు. ఫోన్‌ని సందులోకి పెట్టి ఫ్లాష్ వేస్తే ఫోటో వచ్చేస్తుంది. లేబుల్‌లో ఒక అంకె తప్పు చదివితే వేరే ఏడాది మోడల్ అయిపోతుంది కాబట్టి నంబరును చేత్తో రాయడంతోపాటు ఫోటో కూడా పెట్టడం మేలు. సీరియల్ నంబరు మాత్రం వేలితో కప్పేయాలి. అది బిల్లుతో పాటు కొన్నవాడి చేతికి వెళ్లాల్సింది, ఊరందరికీ కాదు.

సైజు దగ్గర చిన్న తిరకాసు ఉంది. కొనేవాడు టేపు తెచ్చి టీవీని అడ్డంగా కొలిచి, "ఇది 38 అంగుళాలే కదండీ!" అంటాడు. అడ్డం కొలిస్తే అంతే వస్తుంది మరి. తెర సైజును ఒక మూల నుంచి ఎదురు మూలకు, ఐమూలగా, బొమ్మ కనిపించే భాగం వరకే కొలుస్తారు. చుట్టూ ఉన్న ఫ్రేమును కలపరు. మన దగ్గర 43 అని అమ్మేవాటి పెట్టెల మీద చాలావరకు 108 సెంటీమీటర్లని ఉంటుంది, మన టీవీకీ టేపు అంతే చూపిస్తుంది. అయితే కొనేవాడికి అక్కరకొచ్చేది ఇంకో కొలత: ఫ్రేముతో కలిపి అడ్డం ఎంత, నిలువు ఎంత అనేది. మన టీవీ అడ్డం 96 సెంటీమీటర్లు. వాళ్లింట్లో షోకేసు గూడు 90 ఉంటే ఈ బేరం ఫోన్‌లోనే తేలిపోతుంది, ఆటో ఖర్చు మిగులుతుంది.

రిజల్యూషన్ దగ్గర మాట తప్పుతున్నామని తెలియకుండానే తప్పుతాం. పెట్టె మీద "4కే సపోర్ట్" అని ఉంటే అది 4కే టీవీయే అనుకుంటాం. సపోర్ట్ అంటే 4కే సినిమా ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. తీసుకున్నాక తన తెరకు సరిపడా కుదించి చూపిస్తుంది. అసలైన 4కే తెర మీద 3840×2160 చుక్కలు, అంటే సుమారు 83 లక్షలు ఉంటాయి. చాలా 32 అంగుళాల టీవీల్లో ఉండే హెచ్‌డీ రెడీ తెరలో 1366×768 మాత్రమే, దాదాపు ఎనిమిదో వంతు. యూట్యూబ్‌లో 4కే వీడియో ఆడింది కాబట్టి తెర కూడా 4కే అనుకోవడం నమ్మకమైన పరీక్ష కాదు. సెట్టింగుల్లో కనిపించే అంకె కూడా కొన్నిసార్లు తికమక పెడుతుంది, ఎందుకంటే కొన్ని 4కే టీవీలు మెనూను ఫుల్ హెచ్‌డీలోనే గీస్తాయి. మోడల్ నంబరుతో కంపెనీ ఇచ్చిన వివరాల్లో చూసుకోవడమే నిఖార్సైన దారి. మన టీవీ అక్కడ 3840×2160 అని ఉంది, కాబట్టి ధైర్యంగా రాసేయొచ్చు.

ఇక ప్యానెల్. పాత టీవీ ధర నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. సౌండ్ పోతే బాగుచేస్తారు, పవర్ బోర్డు పోతే మారుస్తారు. ప్యానెల్ పోతే మాత్రం కొత్తది వేయించే ఖర్చు తరచుగా కొత్త టీవీ ధర దాకా వెళ్తుంది. అందుకే ప్రకటనలో సగం ఈ ఒక్క విషయానికే ఇచ్చినా తప్పులేదు.

సినిమా పాట పెట్టి "చూడండి, ఎంత బాగుందో" అంటే ఏమీ తెలియదు. కదిలే బొమ్మలో లోపాలు దాక్కుంటాయి. తెర అంతా ఒకే రంగు నింపిన బొమ్మలు కావాలి: తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మధ్యస్థంగా బూడిద. పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, యూట్యూబ్‌లో డెడ్ పిక్సెల్ టెస్ట్ అని వెతికినా దొరుకుతాయి. టీవీని అరగంట నడిపి, వేడెక్కాక చూడాలి. కొన్ని లోపాలు వేడికే బయటపడతాయి. అలాగే రాత్రంతా ఆపి ఉంచి పొద్దున ఆన్ చేసినప్పుడు కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే ఇంకొన్ని చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కనిపించి, పది నిమిషాల్లో మాయమవుతాయి.

ఏమి కనిపించిందన్నదాన్ని బట్టి ఏమి పోయిందో చెప్పొచ్చు. పైనుంచి కిందికి సన్నగా నిలువు గీత పడితే అది ఎక్కువగా గాజు అంచున ఉన్న సన్నటి రిబ్బన్ల అతుకు పని. ప్రతి నిలువు వరుసకూ సిగ్నల్ ఆ రిబ్బన్ల ద్వారానే వెళ్తుంది. అతుకు వదిలిన చోట వరుస తెగిపోతుంది. ఇవాళ ఒక గీత, ఆర్నెల్లకు మూడు కావచ్చు. ఫ్రేము అంచును నొక్కితే గీత పోతోందంటే బాగైనట్టు కాదు, అతుకు ఊగిసలాడుతోందని అర్థం. ఇలాంటి టీవీని అమ్మేటప్పుడు గీత ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, ఎప్పటి నుంచి అని మూడూ రాయాలి. దాచడం వల్ల లాభమేమీ లేదు, కొనేవాడు ఆన్ చేసిన మరుక్షణం చూసేది దాన్నే.

తెల్లటి తెర మీద అక్కడక్కడ రూపాయి బిళ్లంత వెలుగు చుక్కలుంటే అది వేరే కథ. చాలా ఎల్‌ఈడీ టీవీల్లో తెర వెనక చిన్న దీపాల పట్టీలుంటాయి, ప్రతి దీపం మీదా వెలుగును పరిచే బుల్లి కటకం అతికించి ఉంటుంది. జిగురు ఎండి కటకం ఊడితే వెలుగు పరుచుకోకుండా ఒకేచోట గుచ్చినట్టు కనిపిస్తుంది. తెర మొత్తం నీలంగా, ఊదాగా మారితే దీపాల మీది పూత పాడైందన్నమాట. సౌండ్ వస్తోంది, బొమ్మ మాత్రం లేదంటే చీకటి గదిలో తెర మీద టార్చ్ ఏటవాలుగా వేసి చూడాలి. లీలగా బొమ్మ కదులుతుంటే ప్యానెల్ బతికే ఉంది, పోయింది వెనక వెలుగు. ఈ మూడింటికీ ఎక్కువగా పట్టీలు మార్చితే సరిపోతుంది. ప్యానెల్ మార్చడం కంటే అది చాలా చవక. అందుకే "డిస్‌ప్లే పోయింది" అని ఒక్క ముక్కలో రాసేస్తే అమ్మేవాడే నష్టపోతాడు.

పై గాజుకు పగులు కనిపించదు కానీ లోపల సిరా ఒలికినట్టు నల్లమచ్చ ఉంటే మాత్రం లోపలి పొర పగిలింది. దానికి వైద్యం లేదు. ఆ టీవీని విడిభాగాల కింద అమ్ముకోవాలి.

మన 43 అంగుళాల టీవీలో బూడిద రంగు పెట్టినప్పుడు కుడివైపు కింద మూలలో అరచేయంత మేర కాస్త మసకగా కనిపించింది. తెలుపులోనూ సినిమాలోనూ కనిపించదు. క్రికెట్ పెడితే పచ్చటి మైదానం మీద కెమెరా జరుగుతున్నప్పుడు, వెతికేవాళ్లకు కనిపిస్తుంది. దీన్నీ రాయాల్సిందే. అన్నీ భేషుగ్గా ఉన్నాయన్న ప్రకటన కంటే, ఫలానా చోట ఇంత లోపం ఉందన్న ప్రకటనను జనం ఎక్కువ నమ్ముతారని నా అభిప్రాయం. నల్ల తెరను ఫోటో తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. చీకట్లో ఫోన్ కెమెరా వెలుగును తనంతట తానే పెంచేసి, కంటికి కనిపించని మరకలను కూడా భూతంలా చూపిస్తుంది. కెమెరాలో వెలుగు తగ్గించి, కంటికి ఎలా కనిపిస్తోందో అలా తీయాలి.

రిమోట్ విషయంలో ఉందా లేదా అన్నది చాలదు. కంపెనీదా, బయట కొన్నదా? మాటతో పనిచేసే రిమోట్‌కి బ్లూటూత్ ఉంటుంది. బజార్లో దొరికే మామూలు రిమోట్ ఛానల్ మారుస్తుంది గానీ మాట వినదు. మామూలు రిమోట్ పనిచేస్తోందో లేదో తెలియకపోతే ఫోన్ ముందు కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కాలి. కంటికి కనిపించని వెలుగు కెమెరాలో మిణుకుమంటుంది. వెలుగు వస్తున్నా టీవీ పలకకపోతే తప్పు టీవీలోని సెన్సరుదై ఉండొచ్చు.

స్టాండ్ అంటే ఈ రోజుల్లో రెండు కాళ్లు. కుడిది ఎడమకు సరిపోదు కాబట్టి రెండూ ఉన్నాయని, వాటి స్క్రూలు కూడా ఉన్నాయని చూసుకోవాలి. గోడకు బిగించిన ఇళ్లలో ఈ కాళ్లు అటక మీద పెట్టెలో మగ్గుతుంటాయి. కాళ్లు బిగిస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి ఎంత దూరమో కూడా రాయాలి. మన టీవీకి అది 82 సెంటీమీటర్లు, అంటే చిన్న టేబుల్ మీద నిలబడదు.

గోడ క్లాంపు ఇస్తామంటే అందులో ఏమేమి ఉన్నాయో చెప్పాలి. గోడకు ఉండే పలక, టీవీ వెనక బిగించే రెండు పట్టాలు, వాటి స్క్రూలు. టీవీ వెనక నాలుగు రంధ్రాల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో, అడ్డం ముందు, నిలువు తర్వాత రాస్తారు. దీన్నే వెసా కొలత అంటారు. మనది 200×200. కొనేవాడి ఇంట్లో పాత క్లాంపు ఉంటే ఈ అంకెతోనే సరిపోతుందో లేదో తెలుస్తుంది. స్క్రూలు పోయాయని దొరికినవేవో బిగించకూడదు. మరీ పొడవైతే లోపలి బోర్డుకో తెరకో గుచ్చుకోవచ్చు, పొట్టివైతే బరువు ఆపవు. గోడలోని ప్లాస్టిక్ ప్లగ్గులు తీసి ఇచ్చేవి కావు, అవి కొత్తవి కొనుక్కోవాల్సిందే.

ఇన్ని చూశాక ప్రకటన ఇలా తయారవుతుంది:

"43 అంగుళాల (108 సెం.మీ.) 4కే ఎల్‌ఈడీ స్మార్ట్ టీవీ, 3840×2160. మోడల్ నంబరు ఫోటోలో ఉంది. 2021లో కొన్నది, బిల్లు ఉంది. ఫ్రేముతో అడ్డం 96 సెం.మీ. గీతలు, డెడ్ పిక్సెల్స్ లేవు. కుడివైపు కింద మూలలో కొద్దిగా మసక, బూడిద రంగు మీదే కనిపిస్తుంది, ఫోటో పెట్టాం. ఇంతవరకు విప్పలేదు, రిపేరు చేయించలేదు. కంపెనీ వాయిస్ రిమోట్ పనిచేస్తోంది, బ్యాటరీ మూత లేదు. రెండు కాళ్లు, నాలుగు స్క్రూలు ఉన్నాయి. గోడ క్లాంపు స్క్రూలతో సహా ఇస్తాం, వెసా 200×200. ఇప్పుడు గోడ మీదే ఉంది, వచ్చి అరగంట నడిపి చూసుకోవచ్చు. అట్టపెట్టె లేదు."

పెట్టె లేదన్న ఆ చివరి మాట వృథా కాదు. పెట్టె లేని టీవీని తీసుకెళ్లడానికి దుప్పట్లు, ఒక తోడు మనిషి కావాలని దాన్ని చదివినవాడికి తెలుస్తుంది. బండిలో నిలువుగానే పెట్టాలి, పడుకోబెడితే గతుకుల రోడ్డు మీద తెర సొంత బరువుకే పగలొచ్చు. ఇక అమ్మేవాళ్లు ఇచ్చేముందు సెట్టింగుల్లోకి వెళ్లి తమ గూగుల్ ఖాతా, ఓటీటీ ఖాతాలు తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అది కూడా కొనేవాడు వచ్చి చూసి, బేరం కుదిరి, డబ్బు చేతికి వచ్చాకే. ముందే చేస్తే ఆ అరగంట పరీక్షకు వైఫై, ఖాతా అన్నీ మళ్లీ పెట్టుకుంటూ కూర్చోవాలి.